నిమిషం వీడియోలో నికాహ్: ముందు ‘ఖుబూల్’ వినపడాలి

పెళ్లయిన మూడో రోజు మధ్యాహ్నం. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇంట అలసట ఇంకా తీరలేదు. అంతలో నెల్లూరు నుంచి దూరపు బంధువు ఫోను. “ఆపా, మీ చిన్నమ్మాయి ఎంత పెద్దదైపోయింది! వీడియోలో చూసి గుర్తుపట్టలేకపోయాం” అందావిడ. చిన్నమ్మాయికి పదిహేడేళ్లు. మెహందీ రాత్రి ఆడవాళ్ల మధ్య అక్క కోసం చప్పట్లు కొడుతూ పాడింది. ఆ దృశ్యాన్ని వీడియో తీసినాయన నిమిషం ముక్కగా చేసి, సినిమా పాట జోడించి, తన పనితనానికి నమూనాగా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. చెప్పగానే తీసేశాడు, క్షమాపణ కూడా చెప్పాడు. కానీ అప్పటికే అది ఎవరెవరి స్టేటస్‌లలోనో తిరిగిపోయింది. “అతన్ని ఏమనగలం? ముందు మనం చెప్పలేదు కదా” అని ఆ తల్లి నిట్టూర్చింది.

అదే కుటుంబంలో మేనకోడలి పెళ్లి ఈమధ్య డిసెంబరులో జరిగింది. ఈసారి పెద్దలు జాగ్రత్తపడ్డారు. పెళ్లికి పది రోజుల ముందే కొత్త ఫోటోగ్రాఫర్‌ను ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ కూర్చోవడంలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు. కుర్రవాడిది ఉయ్యూరు దగ్గర పల్లె, ముస్లిముల పెళ్లిళ్లు మూడో నాలుగో తీశానన్నాడు. “టీజర్ ఎలా కావాలి సాయిబు గారూ?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో తేలిన సంగతులే ఈ వ్యాసం.

టీజర్ అనే మాట సినిమా వాళ్లది. పూర్తి చిత్రం రాకముందు రుచి చూపించే చిన్న ముక్క అది. పెళ్లి టీజర్ కూడా అంతే. పూర్తి వీడియో చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా వలీమా నాటికే బంధువులకు పంపుకోవడానికి ఒక నిమిషం వీడియో. వెనకటి రోజుల్లో మూడు గంటల క్యాసెట్ వచ్చేది. అందులో దుల్హా ముఖం గులాబీ పువ్వులోంచి విచ్చుకునేది, ఇంటిల్లిపాదీ వరసగా కుర్చీల్లో కూర్చుని చేయి ఊపేవారు. దాన్ని చూసేది ఇంట్లోవాళ్లే, అదీ వీసీఆర్ అద్దెకు తెచ్చినప్పుడే. ఇప్పటి నిమిషం ముక్కను ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా చూస్తారు. క్యాసెట్‌కు లేని చిక్కు దీనికి అక్కడే వచ్చింది.

ముఖం కాదు, చేతులు

మొదట తేలిన విషయం ఇది. బయటికి వెళ్లే టీజర్‌లో ఆడవాళ్ల ముఖాలు ఉండవు. దుల్హన్ ముఖం ఉండాలా వద్దా అన్నది దుల్హనే చెబుతుంది. ఇక్కడ కుర్రవాడు కాస్త దిగులుపడ్డాడు. “అమ్మాయి లేకుండా పెళ్లి వీడియో ఏముంటుందండీ?” అన్నాడు. దుల్హన్ నానీ మూలనుంచి జవాబు చెప్పింది: “చేతులు లేవా బాబూ?”

ఆ మాటతో పని సులువైంది. ఆరుతున్న మెహందీ, గాజులు తొడిగే వేళ్లు, ఓఢ్నీ అంచు సర్దే తల్లి చెయ్యి, సంతకం పెట్టే కలం. ఇవన్నీ దగ్గరగా తీస్తే ముఖం లేదన్న లోటు తెలియదు. తీసేటప్పుడు కెమెరా నడుము ఎత్తులో ఉండాలి, ఆడవాళ్లు కూర్చున్న వరుస వెనకనుంచి చూడాలి. కంటి ఎత్తున పట్టుకుంటే ఎంత వద్దనుకున్నా ముఖాలు పడతాయి. గదిలో అద్దాల బీరువా ఉంటే దానిమీద దుప్పటి కప్పాలి. మొదటిసారి పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఆ అద్దంలోనే. ఎదురుగా చేతులు కనిపిస్తుంటాయి, వెనక అద్దంలో నలుగురు ఆడవాళ్లు స్పష్టంగా ఉంటారు. తీసేవాడి చూపు చేతులమీదే ఉంటుంది కాబట్టి గమనించడు.

జనానాలో తీయడానికి ఆడమనిషిని తెస్తానని కుర్రవాడు తనంతట తానే చెప్పాడు. అతని చెల్లెలు స్టూడియోలో పని నేర్చుకుంటోందట. ఇంకొక షరతు కూడా పెట్టారు. టీజర్ సిద్ధమయ్యాక మొదట దుల్హన్, ఆమె తల్లి చూస్తారు. వాళ్లు సరేనన్నాకే ఎవరికైనా పంపాలి. తన నమూనాల్లో పెట్టుకోవాలంటే మళ్లీ విడిగా అడగాలి. ఇవన్నీ బయానా రసీదు వెనకాలే నాలుగు వాక్యాల్లో రాసి ఇద్దరూ సంతకం పెట్టారు.

వరుస ఎలా కుదిరింది

దుల్హా వాళ్లది బందరు. బరాత్ బస్సులో బందరు రోడ్డు మీదుగా రావాలి. నికాహ్ వన్‌టౌన్ మసీదులో అస్ర్ నమాజు తర్వాత. డిసెంబరు నడుమ విజయవాడలో సూర్యుడు సుమారు 5:35కే అస్తమిస్తాడు. జమాఅత్ ముగిసేసరికి దాదాపు అయిదు. అంటే నికాహ్‌కు పగటి వెలుతురు అరగంటే. ఫోటోగ్రాఫర్ అన్నిటికన్నా ముందు రాసుకున్నది ఈ లెక్కే. మసీదులో తూర్పు గుమ్మం ఎటుందో, మెహ్రాబ్ ముందు వెలుతురు ఎక్కడ పడుతుందో రెండు రోజుల ముందు అదే వేళకు వెళ్లి చూసుకు రమ్మన్నారు. వెళ్లాడు, మసీదు కమిటీ అనుమతి కూడా అడిగి వచ్చాడు.

నిమిషం ఎలా గడవాలన్నది చివర్నుంచి వెనక్కి ఆలోచించారు. నికాహ్‌కు ప్రాణం దుల్హా చెప్పే అంగీకారం. దాన్ని ఇరవై నాలుగో సెకండు నుంచి ముప్ఫై ఆరో సెకండు దాకా పెట్టారు. దానికి ముందున్నదంతా అక్కడికి తీసుకుపోవాలి, తర్వాతిదంతా అక్కడినుంచి విడుదల కావాలి.

మొదటి మూడు సెకండ్లు సెహ్రా. దుల్హాకు సెహ్రా కడుతున్న రెండు చేతులు, ఊగే మల్లెదండలు, వాటి వెనక సగం కనబడే కళ్లు. ఫోనులో చాలామంది శబ్దం లేకుండా చూస్తారు, నచ్చకపోతే రెండు సెకండ్లలో వేలితో తోసేస్తారు. ఇది నికాహ్ అని మాట లేకుండా చెప్పే దృశ్యం సెహ్రాయే. తర్వాత ఆరు సెకండ్లు దారి. బస్సు కిటికీలోంచి బందరు కాలువ, కోతలయిన పొలాల్లో వరి కుప్పలు, ఆపైన బస్సు మెట్టు దిగుతున్న పెద్దాయన చెప్పులు. ఇక్కడ కుర్రవాడు ప్రకాశం బ్యారేజీని డ్రోనుతో తీద్దామన్నాడు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ డెబ్బై గేట్లూ విజయవాడలో తీసే ప్రతి పెళ్లి వీడియోలోనూ కనిపిస్తాయి. కానీ అది గుంటూరు వైపు దారి. బందరు నుంచి వచ్చే బస్సు దాన్ని ఎక్కదు. ఈ మాట చెప్పగానే అతనే నవ్వి ఆ వరుస కొట్టేశాడు.

తొమ్మిదో సెకండు నుంచి దుల్హన్ ఇల్లు. మెహందీ చెయ్యి, దుల్హా తరపు ఆడవాళ్లు తెచ్చిన పళ్లెంలో నల్లపూసల లచ్ఛా, గది గుమ్మానికి వేలాడుతున్న పరదా. ఒక్కొక్కటి మూడు సెకండ్లు. పద్దెనిమిదికి వకీల్, ఇద్దరు సాక్షులు ఆ పరదా దగ్గరికి వస్తారు. కెమెరా పరదాకు బయటే ఆగుతుంది. లోపలికి అడిగిన ప్రశ్న వినిపిస్తుంది, తర్వాత కాస్త నిశ్శబ్దం, ఆపైన కలం కాగితం మీద నడుస్తున్న దగ్గరి దృశ్యం. రిజిస్టరు పేజీ మొత్తం చూపించకూడదు. అందులో చిరునామాలు, తండ్రుల పేర్లు, వయసులు ఉంటాయి. వేళ్లు, కలం మొన చాలు.

దుల్హన్ గొంతు వినిపించాలా అన్నదానిమీద కొంచెం వాదన నడిచింది. చివరికి అమ్మాయినే అడిగారు. “ఇంట్లో కాపీలో ఉంచండి, బయటికి పంపేదాంట్లో గాజుల చప్పుడు చాలు” అంది. అందుకని రెండు ప్రతులు చేయాలని నిర్ణయమైంది. రెండిటిలోనూ దృశ్యాలు ఒకటే. శబ్దంలో ఆ రెండు సెకండ్లే తేడా.

ఇక మసీదు. ఖాజీ గారి చేతులు నాలుగు సెకండ్లు, ఆ తర్వాత దుల్హా ముఖం ఎనిమిది సెకండ్లు, మధ్యలో కోత లేకుండా. ప్రశ్న, ఊపిరి, “మైనే ఖుబూల్ కియా”. ఇక్కడ సంగీతం లేదు. ఈ భాగంలో తీసేయాల్సిన మాట ఒకటుంది, మహర్ మొత్తం. ఖాజీ గారు దాన్ని అందరూ వినేలా చదువుతారు. మసీదులో అది సాక్షుల ముందు చెప్పే మాట. అదే అంకె టీజర్‌లో వాడవాడలా తిరిగితే ఇంకో ఇంటి పెళ్లిలో బేరసారాలకు కొలబద్ద అవుతుంది. కాబట్టి ప్రశ్నలో చివరి భాగం మాత్రమే ఉంచమన్నారు.

ముప్ఫై ఆరు నుంచి పండగ. గుప్పెళ్లతో పంచుతున్న ఖర్జూరాలు, వియ్యంకుల ఆలింగనం, మూత తీసిన డేగ్ నుంచి ఎగసిన ఆవిరి, మసీదు మెట్లమీద పిల్లల పరుగు, అద్దంలో ఓఢ్నీ జరీ అంచు. చివర్లో గడప దాటుతున్న దుల్హన్ తలపై తండ్రి పట్టిన ఖురాన్ షరీఫ్, వెనకనుంచి. ఆఖరి ఆరు సెకండ్లు బందరు రోడ్డు మీద దూరమవుతున్న కారు ఎర్ర దీపాలు. మొత్తం పదిహేడు దృశ్యాలు.

ఇంటి దగ్గర సీరియల్ లైట్లు, ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి కాబట్టి ఒక సాంకేతిక జాగ్రత్త అవసరం. మన కరెంటు సెకండుకు యాభై ఆవర్తనాలది. కెమెరాను సెకండుకు 25 చిత్రాల మీద, షట్టరును యాభయ్యో వంతు మీద పెడితే చాలా దీపాలతో పేచీ ఉండదు. తప్పితే గోడమీద నల్లటి పట్టీలు మెల్లగా పాకుతున్నట్టు తెరలో కనిపిస్తాయి. చవకరకం ఎల్‌ఈడీలు కొన్ని అప్పటికీ వినవు. పెళ్లికి ముందురోజు దీపాలు వెలిగించి ఒక నిమిషం తీసి చూసుకోవడమే దారి.

ఒక్కసారే చెప్పే మాట

ఓ పెళ్లిలో ఫోటోగ్రాఫర్ ఒకాయన “ఖాజీ సాబ్, శబ్దం సరిగా రాలేదు, ఇంకొక్కసారి అడగండి” అన్నాడట. “నికాహ్ రిహార్సల్ కాదు బాబూ” అని ఖాజీ గారు పుస్తకం మూసేశారు. ఆయన చేసింది సబబే. కాబట్టి ఆ మాట మొదటిసారే దొరకాలి, అదీ రెండు చోట్ల.

మసీదు మైకు నుంచి వచ్చే గొంతు స్పీకర్లలో తిరిగి గోడలకు తగిలి గింగురుమంటుంది. కెమెరాకున్న మైకులో పట్టేది ఆ గింగురే. అందుకని దుల్హా షేర్వానీకి చిన్న కాలరు మైకు పెట్టారు. పైగుండీ దగ్గర పెడితే సెహ్రా పూలు రాసుకుని గరగర వస్తుంది, మూడో గుండీ లోపల క్షేమం. రెండోది, రికార్డింగులో ఉంచిన మామూలు సెల్‌ఫోను. విమాన మోడ్‌లో పెట్టి ఖాజీ గారి ముందున్న చిన్న బల్ల మీద, గుడ్డ మడత వేసి ఉంచారు. డిసెంబరు కాబట్టి నెత్తిమీద ఫ్యాను అయిదు నిమిషాలు ఆపమంటే ముఅజ్జిన్ గారు సంతోషంగా ఆపారు. ఎండాకాలమైతే అది అడగడానికి ధైర్యం చాలదు.

విడిగా తీసుకున్న శబ్దాన్ని తర్వాత బొమ్మతో కలపాలి. సినిమా వాళ్లు దానికి క్లాపు కొడతారు. మసీదులో చప్పట్లేమిటి? ముఅజ్జిన్ గారు మైకు పనిచేస్తోందా అని వేలితో రెండుసార్లు తట్టడం మామూలే. ఆ తట్టడాన్ని కెమెరాలో పట్టుకోమన్నారు. వేలు తగిలిన క్షణం, టక్కుమన్న క్షణం ఒకచోటికి తెస్తే పెదవులూ మాటా కలుస్తాయి.

దఫ్ ఎక్కడ మొదలవ్వాలి

సంగీతం దగ్గర ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. దుల్హన్ తమ్ముడు సినిమా పాట కావాలన్నాడు. తాతగారు వాద్యమే వద్దన్నారు. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ పెళ్లినాడు బాలికలు దఫ్ వాయించిన ఉదంతం బుఖారీ సంకలనంలో ఉంది. దఫ్ వరకు చాలామంది పెద్దలు ఒప్పుకుంటారు, మిగతా వాద్యాల దగ్గరే అభిప్రాయభేదం. ఈ విషయం ఇంటింటికీ మారుతుంది కాబట్టి ఫోటోగ్రాఫర్ తనంతట తాను తేల్చకూడదు, ముందే అడగాలి. ఇక్కడ దఫ్ మీద రాజీ కుదిరింది.

సినిమా పాటకు ఇంకొక ఇబ్బంది ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాట వినిపించడాన్ని మినహాయించింది. ఆ మినహాయింపు వేడుక జరిగే చోటికే. అదే పాటను వీడియోకు అతికించి ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి. హక్కుదారులు అభ్యంతరం చెబితే వీడియో మూగబోతుంది, లేదా పోతుంది. తమ్ముడు ఈ కారణానికి ఒప్పుకున్నాడు, తాతగారి కారణానికి కాదు.

దఫ్‌ను బజారులో దొరికిన పాటనుంచి తీసుకోలేదు. వాడలో వాయించే కుర్రాడొకడు ఉన్నాడు. పరుపులు గోడకు ఆనించిన గదిలో కూర్చోబెట్టి, ఫోనులో నిమిషానికి 80 టిక్కుల లెక్క పెట్టి, దాని వెంట వాయించమన్నారు. ఆ అంకెకు కారణం ఉంది. 80 దెబ్బలంటే నాలుగు దెబ్బలకు సరిగ్గా మూడు సెకండ్లు. దృశ్యాలు కూడా మూడేసి సెకండ్లే కాబట్టి ప్రతి మార్పూ దెబ్బమీద పడుతుంది, బలవంతంగా ముక్కలు కొయ్యాల్సిన పనిలేదు. వంద దాటితే అది పెళ్లిసందడి కాదు, పరుగు.

మొదటి ముప్ఫై ఆరు సెకండ్లూ సంగీతం లేదు. బస్సు శబ్దం, గాజులు, కలం గీత, మసీదులో చిన్న దగ్గు. ‘ఖుబూల్’ తర్వాత అర సెకండు నిశ్శబ్దం వదిలి, ఖర్జూరాలు చేతిలో పడుతుండగా మొదటి దఫ్ దెబ్బ. చివరి కారు దృశ్యానికి దఫ్ ఆగిపోయి టైర్ల చప్పుడు మాత్రం మిగలాలి.

కింద రాసే మాట

క్యాప్షన్‌గా బిస్మిల్లాను అరబ్బీలో పెడదామని మొదట అనుకున్నారు. కుర్రవాడు ఫోనులో చేసి చూపించాడు. అక్షరాలు ఒకదానితో ఒకటి కలవక విడివిడిగా, ఎడమనుంచి కుడికి పడ్డాయి. అరబ్బీని సరిగా కలిపే ఏర్పాటు లేని సాఫ్ట్‌వేర్‌లో ఇలాగే జరుగుతుంది. చదవడం రాని వాడికి అది తప్పని తెలియదు. తెలుగు ఒత్తులకూ ఇదే గతి, వత్తు పక్కకు జరిగి అర్ధాక్షరమై నిలబడుతుంది. అందుకని క్యాప్షన్ ఏ భాషలో ఉన్నా ఆ భాష చదివే మనిషికి చూపించి తీరాలి. పైగా పవిత్ర వాక్యాలు ఎవరి వేలికింద ఎక్కడ పడతాయో తెలియని చోట వద్దని తాతగారు అన్నారు.

చివరికి తెలుగే. పేర్లు లేకుండా, రెండు చిన్న వాక్యాలు:

“అస్ర్ తర్వాత ఒక్క మాట. మగ్రిబ్‌కల్లా బందరు కోడలు.”

దీన్ని కారు దృశ్యం మీద, తెర మధ్యకు కాస్త కింద పెట్టారు. నిలువు తెరలో అడుగున అయిదో వంతు ఖాళీగా వదలాలి. అక్కడ పంపినవారి పేరు, జవాబు రాసే గడి వచ్చి అక్షరాలను కప్పేస్తాయి. వాక్యం నెమ్మదిగా రెండుసార్లు చదవడానికి పట్టేంతసేపు ఉండాలి. ఆరు సెకండ్లు సరిపోయాయి.

పెళ్లిరోజు అంతా అనుకున్నట్టు జరగలేదు. బస్సు కంకిపాడు దగ్గర ఆలస్యమైంది, కుర్రవాడు కలలుగన్న కాలువ దృశ్యంలో మంచు లేదు, మిట్టమధ్యాహ్నపు ఎండ ఉంది. వియ్యంకుల ఆలింగనానికి అడ్డంగా ఎవరిదో వీపు వచ్చింది, దాని బదులు కరచాలనం పెట్టుకున్నాడు. అద్దంలో దృశ్యాన్ని దుల్హన్ చూశాక వద్దంది, ఆ మూడు సెకండ్లూ పిల్లల పరుగుకు కలిశాయి. కాలరు మైకు సగంలో ఆగిపోయింది. బల్లమీది సెల్‌ఫోనే పరువు నిలిపింది.

మర్నాడు వలీమాకు బందరు వెళ్లేటప్పటికి టీజర్ సిద్ధం. దుల్హన్, ఆమె తల్లి ముందు చూశారు. తర్వాత నానీ చేతికి ఇచ్చారు. ఆవిడకు చూపు సరిగా ఆనదు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నది. “అబ్బాయి గొంతు బాగుంది. కాస్త జలుబు చేసినట్టుంది, అల్లం చాయ్ ఇమ్మనండి” అంది.